టెంపో రన్: గీత దాటని వేగం

టెంపో రన్ అంటే కష్టంగా అనిపిస్తూనే అదుపు తప్పకుండా ఉండే వేగంతో, సుమారు ఇరవై నుంచి నలభై నిమిషాల పాటు సాగించే పరుగు. పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ పరిగెత్తే ఈజీ రన్ కంటే ఇది వేగంగా ఉంటుంది. ఊపిరి సలపనివ్వని 400 మీటర్ల ఇంటర్వెల్స్‌తో పోలిస్తే నెమ్మది. ఈ నడిమి వేగాన్ని ఎవరో ఇష్టం వచ్చినట్టు ఎంచలేదు. వేగం పెంచుకుంటూ పోతే ఒక దశలో రక్తంలోని లాక్టేట్ నిలకడ కోల్పోయి పెరుగుతూ పోతుంది. ఆ దశను లాక్టేట్ థ్రెషోల్డ్ అంటారు. టెంపో వేగం ఆ గీతకు ఆనుకుని, గీత మీదో కొంచెం ఇవతలో ఉండాలి. ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకు పరిగెత్తేవాళ్లలో చాలామంది టెంపో చేస్తున్నామనుకుంటూనే ఆ గీత దాటేస్తుంటారు. దాటితే ఏమవుతుందో తెలియాలంటే ముందు లాక్టేట్ సంగతి తెలియాలి.

లాక్టేట్‌కు చాలాకాలంగా చెడ్డపేరు ఉంది. కాళ్లు బరువెక్కినా, మర్నాడు తొడలు పట్టేసినా, మెట్లు దిగుతుంటే పిక్కలు సలిపినా నింద దాని మీదే పడుతుంది. ఈ అపవాదు ప్రయోగశాలల్లోనే పుట్టింది. వేటలో అలసిపోయిన దుప్పుల కండరాల్లో లాక్టిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుందని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1807లో గమనించాడు. సరిగ్గా వందేళ్ల తర్వాత, 1907లో, ఇంగ్లండ్‌లో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరాన్ని విడదీసి, గాలి అందకుండా చేసి, అది అలసిపోయేదాకా సంకోచింపజేశారు. అందులో లాక్టిక్ ఆమ్లం పేరుకుంది. ఆక్సిజన్ అందిస్తే తగ్గిపోయింది. కండరానికీ, లాక్టిక్ ఆమ్లానికీ, ఆక్సిజన్‌కూ ఉన్న సంబంధం మీద తర్వాత పనిచేసిన ఎ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఆక్సిజన్ చాలకపోతే పుట్టే వ్యర్థమే లాక్టేట్ అన్న మాట అలా పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. ప్రయోగాలు మంచివే. కానీ శరీరం నుంచి కోసి తీసిన కండరానికి రక్త ప్రసరణ ఉండదు, అందులో పుట్టిన లాక్టేట్‌కు బయటికి పోయే దారి ఉండదు. బతికున్న మనిషిలో జరిగేది వేరు.

ఆ తేడాను విడమర్చి చూపినవారిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పనిచేసిన జార్జ్ బ్రూక్స్ ముఖ్యుడు. 1980ల నుంచి ఆయన చెబుతూ వచ్చిన విషయం ఇది: లాక్టేట్ చెత్త కాదు, ఒక చోట తయారై మరో చోట ఖర్చయ్యే ఇంధనం. కండరం గ్లూకోజ్‌ను విడగొట్టినప్పుడు పైరువేట్ వస్తుంది. అందులో కొంత కణంలోని మైటోకాండ్రియాలోకి వెళ్లి ఆక్సిజన్ సాయంతో పూర్తిగా దహనమవుతుంది. మిగిలినది లాక్టేట్‌గా మారుతుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పుడు కూడా ఇది జరుగుతూనే ఉంటుంది, కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నప్పుడు కూడా. అలా పుట్టిన లాక్టేట్‌ను పక్కనున్న కండర తంతువులు, గుండె తీసుకుని కాల్చుకుంటాయి. కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. పరుగు ఆపాక గంట సేపట్లో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది కాబట్టి మర్నాటి ఒళ్లునొప్పులకు దానితో సంబంధం లేదు. ఆ నొప్పులు కండర తంతువులకు తగిలిన సూక్ష్మమైన దెబ్బల వల్ల, వాటిని బాగుచేసే క్రమంలో వచ్చే వాపు వల్ల వస్తాయి.

వర్షాకాలంలో చెరువును తలుచుకుంటే ఈ లెక్క తేలికవుతుంది. వాగు నుంచి నీరు వచ్చి చేరుతుంటుంది, తూము నుంచి పోతుంటుంది. వచ్చేదానికి పోయేది సరిపోయినంతసేపూ నీటిమట్టం కదలదు. వరద కాస్త పెరిగితే మట్టం ఒకటి రెండు అడుగులు ఎక్కి మళ్లీ నిలుస్తుంది. తూము మోయగలిగిన దానికి మించి వరద వస్తే మాత్రం మట్టం ఇక నిలవదు, కట్ట తెగేదాకా పెరుగుతూనే ఉంటుంది. రక్తంలో లాక్టేట్ కూడా ఇంతే. విశ్రాంతిలో ఉన్న మనిషి లీటరు రక్తంలో సుమారు 1 మిల్లీమోల్ ఉంటుంది. ఈజీ రన్‌లో అది పెద్దగా మారదు. వేగం పెంచితే 2కో 3కో చేరి అక్కడే నిలబడుతుంది. ఇంకా పెంచితే నిలకడ పోతుంది. వేగం మారకపోయినా ప్రతి ఐదు నిమిషాలకూ కొలత పెరుగుతూ పోతుంది. నిలకడగా ఉండే ఆఖరి వేగమే రన్నర్‌కు కావలసిన గీత.

ఇంతకీ ఆ వేగం దగ్గర వరద ఎందుకు ముంచుకొస్తుంది? నెమ్మదిగా పరిగెత్తేటప్పుడు శరీరం ఎక్కువగా నిదానపు కండర తంతువులనే వాడుకుంటుంది. వాటిలో మైటోకాండ్రియా దండిగా ఉంటాయి, పుట్టిన పైరువేట్‌లో చాలాభాగాన్ని అవే కాల్చేస్తాయి. వేగం పెరిగేకొద్దీ చురుకు తంతువులు కూడా రంగంలోకి దిగుతాయి. వాటి బలం గ్లూకోజ్‌ను గబగబా విడగొట్టడంలో ఉంది, పూర్తిగా కాల్చడంలో కాదు. దానికి తోడు శ్రమ పెరిగితే అడ్రినలిన్ పెరిగి, కండరంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ మరింత వేగంగా కరుగుతుంది. లాక్టేట్ పుట్టుక పెరుగుతుంది, కాల్చే పొయ్యిలు మాత్రం అన్నే ఉంటాయి. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. గీత దాటాక రన్నర్‌ను కుంగదీసేది లాక్టేట్ ఒక్కటే కాదు. ఆ వేగంలో కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది, ఫాస్ఫేట్ పేరుకుంటుంది, గ్లైకోజెన్ తరుగుతుంది, శ్వాస గతి తప్పుతుంది. ఇవన్నీ దాదాపు ఒకే సమయంలో మొదలవుతాయి. రక్తపు చుక్కలో కొలవడానికి వీలైనది లాక్టేట్ కాబట్టి గీతకు దాని పేరు పెట్టారు.

ప్రయోగశాలలో ఈ గీతను ట్రెడ్‌మిల్ మీద పట్టుకుంటారు. నాలుగైదు నిమిషాలకోసారి వేగం కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మెట్టు చివరా చెవి తమ్మె నుంచో వేలి కొస నుంచో ఒక చుక్క రక్తం తీసి కొలుస్తారు. ఒక మధ్యస్థాయి రన్నర్‌కు గంటకు 9 కిలోమీటర్ల వేగంలో 1.4, 10 కిలోమీటర్ల దగ్గర 2.1, పదిన్నర దగ్గర 3, 11 దగ్గర 4.5, పదకొండున్నర దగ్గర 7 వచ్చాయనుకుందాం. మొదట వేగం ఒక కిలోమీటరు పెరిగితే లాక్టేట్ 0.7 మాత్రమే పెరిగింది. చివర అర కిలోమీటరు పెరిగేసరికి రెండున్నర పెరిగింది. ఈ రన్నర్ గీత పదిన్నరకూ పదకొండుకూ మధ్య ఎక్కడో ఉంది. చాలా చోట్ల 4 మిల్లీమోల్స్‌ను గుర్తుగా వాడతారు. అది అనేకమంది సగటు మాత్రమే. ఒకరికి 3 దగ్గరే నిలకడ పోవచ్చు, మరొకరు 6 దగ్గర కూడా అరగంట స్థిరంగా పరిగెత్తగలరు. అందుకే కచ్చితమైన పద్ధతిలో ఒకే వేగంతో 30 నిమిషాలు పరిగెత్తించి, చివరి 20 నిమిషాల్లో లాక్టేట్ 1 మిల్లీమోల్‌కు మించి పెరగని అత్యధిక వేగం ఏదో చూస్తారు. దానికి వేర్వేరు రోజుల్లో మూడు నాలుగు పరీక్షలు కావాలి. సరదా రన్నర్‌కు అంత తతంగం అక్కర్లేదు.

దూరపు పరుగుల్లో ఈ గీతకు అంత విలువ ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇద్దరు రన్నర్లున్నారు. ఇద్దరి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం, రన్నర్లు వీఓటూ మ్యాక్స్ అని చెప్పుకునేది, ఒకటే: కిలో బరువుకు నిమిషానికి 50 మిల్లీలీటర్లు. మొదటివారి గీత ఆ గరిష్ఠంలో 75 శాతం దగ్గర, రెండోవారిది 85 శాతం దగ్గర ఉంది. పరుగుకు అయ్యే ఆక్సిజన్ ఖర్చును లెక్కగట్టే మామూలు సూత్రం ప్రకారం, మొదటివారు కిలోమీటరును దాదాపు 5 నిమిషాల 50 సెకన్లలోనూ, రెండోవారు దాదాపు 5 నిమిషాల 10 సెకన్లలోనూ నిలకడగా పరిగెత్తగలరు. ఇంజిన్ సైజు ఒకటే అయినా పది కిలోమీటర్లకు ఆరేడు నిమిషాల తేడా. శిక్షణ లేనివారిలో ఈ గీత 50, 60 శాతం దగ్గరే ఉంటుంది. ఏళ్ల తరబడి సాధన చేసినవారిలో 85, 90కి చేరుతుంది. వీఓటూ మ్యాక్స్ కొంతకాలం పెరిగి తర్వాత మొండికేస్తుంది, గీత మాత్రం ఇంకా చాలాకాలం జరుగుతూనే ఉంటుంది. 1979లో ఫారెల్, ఆయన సహచరులు దూరపు రన్నర్లను పరీక్షించినప్పుడు, లాక్టేట్ పేరుకోవడం మొదలయ్యే వేగానికీ పోటీల్లో వారి వేగానికీ చాలా దగ్గరి పొంతన కనిపించింది.

గీత జరగడమంటే శరీరంలో జరిగే మార్పులు ముఖ్యంగా మూడు. కండరంలో మైటోకాండ్రియా పెరుగుతాయి, దాంతో పైరువేట్ లాక్టేట్‌గా మారే అవసరం తగ్గుతుంది. తంతువుల చుట్టూ కేశనాళికలు పెరుగుతాయి. లాక్టేట్‌ను కణాల లోపలికీ బయటికీ చేరవేసే ప్రోటీన్లు పెరిగి, ఒక తంతువులో పుట్టినది పక్క తంతువులో త్వరగా ఖర్చవుతుంది. మొదటి రెండూ ఈజీ రన్స్‌తో కూడా వస్తాయి. నిజానికి ఎక్కువ భాగం వాటితోనే వస్తాయి. టెంపో ప్రత్యేకంగా చేసేది చురుకు తంతువుల సంగతి చూడడం. ఈజీ రన్‌లో అవి చాలావరకు ఊరికే కూర్చుంటాయి. గీత దగ్గరి వేగంలో ఇరవై నిమిషాల పాటు వాటికి పని తప్పదు, ఆ పనికి తగ్గట్టు అవి కూడా క్రమంగా ఆక్సిజన్ వాడడం నేర్చుకుంటాయి.

గీత దాటి పరిగెత్తితే ఇంకా ఎక్కువ లాభం రావాలి కదా అనిపించడం సహజం. ఇక్కడే టెంపో రన్ చాలామంది చేతిలో పాడవుతుంది. గీత దగ్గర ఇరవై, ముప్పై నిమిషాలు గడపగలిగినవారు, గీత దాటితే పది పన్నెండు నిమిషాలకే చతికిలపడతారు. వేగం కిలోమీటరుకు పది సెకన్లు పెరిగి ఉండవచ్చు, తంతువులు పనిచేసిన సమయం మాత్రం సగానికి పడిపోయింది. అలసట రెట్టింపైంది. కోలుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో చేయాల్సిన మామూలు కిలోమీటర్లు పోతాయి. అప్పుడు ఆ రోజు జరిగినది టెంపో కాదు, ఎవరూ పిలవని పోటీలో ఒంటరిగా పాల్గొనడం. గట్టి ఇంటర్వెల్స్ చెడ్డవని కాదు, వాటి పని వేరు, వాటికి మధ్యలో విశ్రాంతి ఉంటుంది.

నార్వే రన్నర్లు ఈ విషయాన్ని పట్టుదలగా పాటించారు. 5000 మీటర్ల రన్నర్, వైద్యుడు కూడా అయిన మారియస్ బాకెన్ తన శిక్షణలో తరచుగా లాక్టేట్ కొలుచుకుంటూ, గీతకు ఇవతలే ఉండే పరుగులను వారంలో ఎక్కువసార్లు చేసే పద్ధతిని రూపొందించుకున్నాడు. టోక్యో ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్, అతని అన్నలు అదే బాటలో పెరిగారు. పరుగుల మధ్య రక్తం తీసి చూస్తారు, లెక్క మించితే వేగం తగ్గిస్తారు. ప్రపంచ స్థాయి రన్నర్లు సూదితో గుచ్చుకునేది ఇంకా వేగంగా పరిగెత్తడానికి కాదు, ఎక్కువ వేగంగా పరిగెత్తకుండా ఉండడానికి! వాళ్లలా రోజుకు రెండుసార్లు చేయడం ఆఫీసుకు వెళ్లేవాళ్లకు కుదరదు, అవసరమూ లేదు. వారి దగ్గర తీసుకోవాల్సింది ఆ నిగ్రహం.

రక్తపరీక్ష లేకుండా గీతను కనుక్కోవడానికి దారులున్నాయి. ఈ వేగాన్ని సామాన్య రన్నర్లకు పరిచయం చేసిన అమెరికా కోచ్ జాక్ డేనియల్స్ చెప్పిన కొండగుర్తు, పోటీలో దాదాపు గంటసేపు నిలబెట్టుకోగలిగిన వేగం. పది కిలోమీటర్లను గంటలో పూర్తిచేసేవారికి ఆ పోటీ వేగమే గీత. నలభై నిమిషాల్లో చేసేవారికి పోటీ వేగం గీత దాటి ఉంటుంది, కాబట్టి కిలోమీటరుకు పది సెకన్ల దాకా తగ్గించుకోవాలి. గంటా పది నిమిషాలు పట్టేవారికి గీత పోటీ వేగం కంటే కాస్త ముందే ఉంటుంది.

పోటీల్లో పాల్గొననివారు 30 నిమిషాల సొంత పరీక్ష చేసుకోవచ్చు. బాగా వార్మప్ అయ్యాక చదునైన దారిలో ఒంటరిగా, అరగంటలో వీలైనంత దూరం వెళ్లేలా, సమాన వేగంతో పరిగెత్తాలి. పదో నిమిషంలో వాచీలో ల్యాప్ బటన్ నొక్కాలి. చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేట్ గీత దగ్గరి హార్ట్ రేట్‌కు చేరువలో ఉంటుంది. ఈ పద్ధతిని ప్రచారం చేసినది జో ఫ్రీల్ అనే కోచ్. 220 నుంచి వయసు తీసేసి శాతాలు కట్టే పద్ధతి మీద మాత్రం ఆధారపడకూడదు. అది పదీ పన్నెండు బీట్‌లు అటూ ఇటూ తప్పడం మామూలే, ఆ తప్పు గీతకు రెండు వైపులా పడేంత పెద్దది.

అన్నిటికన్నా తేలికైనది మాట పరీక్ష. ఈజీ రన్‌లో ఇంటి విషయాలన్నీ చెప్పుకోవచ్చు. టెంపోలో మూడు నాలుగు మాటలు అనగానే ఊపిరి అందుకోవాలి. ‘‘ఇంకో రెండు కిలోమీటర్లు ఉంది’’ అని ఒక్క ఊపిరిలో అనగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ‘‘ఇంకో... రెండు...’’ అని విరుగుతుంటే దాటినట్టు. కారణం శ్వాసలోనే ఉంది. గీత దాటగానే రక్తంలో పెరిగే ఆమ్లాన్ని సరిదిద్దడానికి శరీరం కార్బన్ డై ఆక్సైడ్‌ను ఎక్కువగా బయటికి పంపుతుంది, రొప్పు ఒక్కసారిగా పెరుగుతుంది. చెవితో వినిపించే ఈ మార్పు కొన్ని స్మార్ట్ వాచీల అంచనా కంటే నమ్మదగినది.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. హైదరాబాద్‌లో నలభై ఏళ్ల ఉద్యోగిని ఒకరున్నారనుకుందాం. పది కిలోమీటర్లు 55 నిమిషాల్లో పూర్తిచేస్తారు, వారానికి నాలుగు రోజులు, మొత్తం 40 కిలోమీటర్లు పరిగెత్తుతారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ చేయాలని ఉంది. 55 నిమిషాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 30 సెకన్లు. గంటసేపు నిలిపే వేగం దానికి కాస్త తక్కువ, కాబట్టి టెంపో వేగం 5.35, 5.40 మధ్య. ఈజీ రన్స్ 6.30 నుంచి 7 నిమిషాల వేగంలో ఉండాలి. చాలామందికి ఈ రెండో అంకెను పాటించడమే కష్టం. రోజూ 6 నిమిషాల వేగంతో లాగించి, టెంపో రోజున కాళ్లు కదలడం లేదని వాపోతారు.

ఒక్క రోజులో గీత దగ్గరి పరుగు వారం మొత్తంలో పదో వంతుకు మించకూడదని డేనియల్స్ సూచన. ఈమెకు అది 4 కిలోమీటర్లు, అంటే సుమారు 22 నిమిషాలు. మొదటి రెండు వారాలు దాన్ని ముక్కలుగా చేయడం మంచిది. ఐదేసి నిమిషాల పరుగులు మూడు, వాటి మధ్య ఒక్కో నిమిషం నెమ్మది జాగింగ్. ఈ చిన్న విరామంలో లాక్టేట్ పెద్దగా తగ్గదు, కానీ మనసు తేరుకుంటుంది, వేగం అదుపులో ఉంటుంది. మూడు, నాలుగు వారాల్లో పదేసి నిమిషాల పరుగులు రెండు, మధ్య రెండు నిమిషాల జాగింగ్. ఐదో వారం నుంచి 20 నిమిషాలు ఏకబిగిన. ఏడు, ఎనిమిది వారాలకు 25 నిమిషాలు. వారానికి ఒక్కసారే. మిగతా మూడు రోజుల్లో ఒకటి లాంగ్ రన్, రెండు ఈజీ. పెంచాల్సింది నిమిషాలను, వేగాన్ని కాదు. తొలి వారం 5.38లో పరిగెత్తినవారు ఐదో వారంలో కూడా 5.38లోనే పరిగెత్తాలి. అప్పుడు అది తేలిక పడిందో లేదో తెలుస్తుంది.

ఆ రోజు పరుగు ఇలా ఉంటుంది. పదిహేను నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తాక, ఇరవై సెకన్ల చొప్పున మూడు నాలుగు చురుకైన పరుగులు. వార్మప్ లేకుండా నేరుగా వేగం అందుకుంటే మొదటి నిమిషాల్లో ఆక్సిజన్ వినియోగం ఇంకా అందుకోకముందే లాక్టేట్ ఎగబాకుతుంది, తర్వాత ఆ మట్టాన్ని దించుకోవడంతోనే సరిపోతుంది. అసలు టెంపోలో మొదటి కిలోమీటరు 5.45లో వెళ్లినా నష్టం లేదు. తొలి ఐదు నిమిషాలు ‘ఇది మరీ తేలిగ్గా ఉందే’ అనిపించడం మంచి సూచన. హార్ట్ రేట్ అంకె ఆ ఐదు నిమిషాల్లో ఇంకా ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి వేగం పెంచకూడదు. పదిహేనో నిమిషానికి శ్రద్ధ పెట్టకపోతే వేగం జారిపోతుందనిపిస్తుంది. చివర ఆపినప్పుడు ఇంకో ఐదు నిమిషాలు ఇదే వేగంతో వెళ్లగలననిపించాలి. మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగిపోవాల్సి వస్తే ఆ రోజు లెక్క తప్పినట్టే. ఆ తర్వాత పది నిమిషాల నెమ్మది జాగింగ్‌తో ముగింపు.

తప్పు జరిగితే వాచీలో ఆనవాళ్లు మిగులుతాయి. కిలోమీటర్లు 5.25, 5.32, 5.44, 5.55 అని దిగజారితే మొదటి కిలోమీటరులోనే గీత దాటినట్టు. సగటు తీస్తే 5.39 వస్తుంది. చూడ్డానికి ఆదర్శమైన టెంపో లాగే ఉంటుంది, కానీ ఇందులో గీత దగ్గర గడిపిన సమయం దాదాపు లేదు. సగం పరుగు దాటి, సగం దాని ఫలితం అనుభవిస్తూ గడిచింది. వేగం మారకుండానే హార్ట్ రేట్ చివరి పది నిమిషాల్లో పది బీట్‌లకు పైగా పెరిగినా అనుమానించాలి, వేడి లేని రోజైతే మరీను. మర్నాడు ఈజీ రన్ 7 నిమిషాల వేగంలో కూడా భారంగా అనిపించడం మరో గుర్తు. ఒక హెచ్చరిక: మణికట్టు మీది సెన్సర్ కొన్నిసార్లు గుండెను కాక అడుగుల లయను లెక్కపెడుతుంది. ఉన్నట్టుండి 170, 175 దగ్గర అతుక్కుపోయిన అంకె కనబడితే, అది నిమిషానికి పడే అడుగుల సంఖ్య కావచ్చు. ఛాతీకి కట్టుకునే పట్టీకి ఈ జబ్బు తక్కువ.

వేడి, తేమ ఈ లెక్కలను తారుమారు చేస్తాయి. చలికాలపు ఉదయం హైదరాబాద్‌లో 5.38 గీతకు ఇవతల ఉన్న మనిషికి, మే నెల విజయవాడలో అదే వేగం గీత దాటిస్తుంది. శరీరం వేడిని వదిలించుకోవడానికి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, కండరాలకు సరిపెట్టడానికి గుండె మరింత కొట్టుకోవాలి, గ్లైకోజెన్ ఖర్చు పెరుగుతుంది, లాక్టేట్ తక్కువ వేగానికే ఎక్కుతుంది. విశాఖ లాంటి తీరప్రాంతాల్లో ఉష్ణోగ్రత తక్కువగా కనిపించినా చెమట ఆరదు కాబట్టి ఇబ్బంది ఉంటుంది. అలాంటి రోజుల్లో పేస్ అంకెను పక్కనపెట్టి మాట పరీక్షను, శ్వాసను నమ్ముకోవాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా అంతే. శ్రమ స్థిరంగా ఉంచి, వేగం 6 నిమిషాలకు పడిపోతే పడనివ్వాలి. ఎక్కుతూ 5.38ను నిలబెట్టుకుంటే గీత దాటడానికి రెండు నిమిషాలు చాలు, తిరిగి సర్దుకోవడానికి అంతకంటే చాలా ఎక్కువసేపు పడుతుంది.

ఎనిమిది వారాల తర్వాత ఫలితం ఎలా తెలుస్తుంది? ఆ ఉద్యోగిని తొలి వారాల్లో 5.38 వేగంలో 168 హార్ట్ రేట్‌తో పరిగెత్తి, ఇప్పుడు అదే దారిలో, అలాంటి వాతావరణంలో, అదే వేగానికి 162 చూస్తే గీత జరిగింది. అప్పుడు టెంపో వేగాన్ని ఐదు సెకన్లు పెంచవచ్చు. ఒక్క రోజు అంకెను చూసి తేల్చకూడదు. సరిగా నిద్రపోని రాత్రి, ముందురోజు తిండి, కాఫీ, అన్నీ హార్ట్ రేట్‌ను అటూ ఇటూ జరుపుతాయి. రెండు మూడు వారాలు వరుసగా కనిపిస్తేనే లెక్క.

టెంపోతో కానివి కూడా ఉన్నాయి. ఆగకుండా నలభై నిమిషాలు హాయిగా పరిగెత్తలేనివారికి దీనితో పని లేదు. వారికి ఈజీ కిలోమీటర్లే గీతను జరుపుతాయి, ఎముకలూ స్నాయువులూ కూడా ఆ లోపు గట్టిపడతాయి. గుండె జబ్బు, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఈ శ్రమకు దిగకూడదు. హాఫ్ మారథాన్ రెండు గంటల్లో చేసేవారు పోటీలో గీతకు బాగా ఇవతలే ఉంటారు. గీత పైకి జరిగితే ఆ పోటీ వేగం తేలిక పడుతుంది నిజమే, కానీ చివరి ఐదు కిలోమీటర్ల బరువును మోసేది లాంగ్ రన్. ఫుల్ మారథాన్‌లో 32, 35 కిలోమీటర్ల దగ్గర పడిపోవడానికి మామూలుగా కారణం లాక్టేట్ కాదు, ఖాళీ అయిన గ్లైకోజెన్.

మూడు నాలుగు నెలలు క్రమంగా చేసినా అదే వేగానికి అదే హార్ట్ రేట్ కనిపిస్తుంటే వారానికి రెండో టెంపో చేర్చాలన్న ఆలోచన వస్తుంది. ఎక్కువసార్లు అది పనిచేయదు. వారానికి 30, 40 కిలోమీటర్లే పరిగెత్తేవారిలో లోటు సాధారణంగా ఈజీ కిలోమీటర్లలో ఉంటుంది. టెంపోను వారానికి ఒకటిగానే ఉంచి, నెల రోజుల్లో 40ని నెమ్మదిగా 48కి పెంచితే గీత మళ్లీ కదలవచ్చు. కిలోమీటర్లు సరిపడా ఉండీ కదలకపోతే పరిమితి పైకప్పులో ఉందనుకోవాలి. గీత వీఓటూ మ్యాక్స్‌కు 85, 88 శాతం దగ్గరికి చేరాక ఇంకా పైకి జరగడానికి చోటు ఉండదు. అప్పుడు ఆరేడు వారాలు టెంపో స్థానంలో మూడు నుంచి ఐదు నిమిషాల గట్టి ఇంటర్వెల్స్ చేసి ఆ పైకప్పును లేపి, తర్వాత మళ్లీ టెంపోకు రావడం కోచ్‌లు సాధారణంగా పాటించే క్రమం.